పరాయి దేశంలో కేక: ఏ మాట అరవాలి, ఎవరిని పిలవాలి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన దగ్గర వీసా వచ్చిన ప్రతి ఇంట్లోనూ అరబిక్ నేర్చుకోవడం మొదలవుతుంది. జీతం ఎంత, సెలవు ఎప్పుడు, ధర ఎంత, కఫీల్ ఎక్కడ, ఇలాంటి మాటలను పిల్లలు నోట్‌బుక్‌లో తెలుగు అక్షరాల్లో రాసుకుని వల్లె వేస్తారు. ఇవి కావలసినవే. కానీ ఈ మాటలన్నింటికీ వ్యవధి ఉంటుంది. మాట గుర్తు రాకపోతే పక్కవాణ్ణి అడగవచ్చు, చేత్తో చూపవచ్చు, రేపు అడగవచ్చు. వ్యవధి లేని సందర్భాలు రెండున్నాయి. ఎదుటి మనిషి మీదికి ప్రమాదం వస్తున్నప్పుడు అతన్ని హెచ్చరించడం ఒకటి. మన మనిషి పడిపోయినప్పుడు ముక్కూ మొగం తెలియని వాళ్లను సాయం అడగడం రెండోది. మా బడిలో మేము కొందరు ఉపాధ్యాయులం సెలవు రోజుల్లో గల్ఫ్‌కు వెళ్లేవారికి మాటలు నేర్పుతున్నాం. ఈ రెండింటికీ వేరువేరు పద్ధతులు కావాలని ఆ తరగతుల్లోనే మాకు స్పష్టమైంది. వాటి గురించే ఈ నాలుగు మాటలు.

ముందు హెచ్చరిక సంగతి చూద్దాం.

రియాద్ శివార్లలో ఒక భవనం కడుతున్నారనుకుందాం. ఇటుకలు దింపిన లారీ వెనక్కి వస్తోంది. దాని వెనకాల ఆరు మీటర్ల దూరంలో ఒక నేపాలీ కార్మికుడు వంగి ఇనుప ఊచలు కడుతున్నాడు. డ్రైవరు అరబ్బు. జగిత్యాల నుంచి వెళ్లిన మన కుర్రవాడు పక్క నుంచి ఇది చూశాడు. లారీ మనిషి నడిచేంత వేగంతో వచ్చినా ఆ ఆరు మీటర్లు దాటడానికి నాలుగు సెకన్లు చాలు. మన వాడి నోటికి సహజంగా ఏమొస్తుంది? "భాయ్ సాబ్, పీఛే ఆద్మీ హై, గాడీ రోకో" అని వస్తుంది. తెలుగులో అయినా అంతే: "అన్నా, వెనకాల మనిషున్నాడు, బండి ఆపు." ఈ వాక్యంలో పనికొచ్చే మాట "ఆపు" ఒక్కటే. అది అన్నిటికన్నా చివర వచ్చింది. తెలుగులోనూ ఉర్దూలోనూ క్రియ చివర ఉంటుంది. ముందు పిలుపు, తర్వాత కారణం, ఆఖరున చెయ్యవలసిన పని. మామూలు మాటల్లో అది మర్యాద. ఇక్కడ మాత్రం ఆ మర్యాదకు రెండు సెకన్లు ఖర్చవుతాయి.

మన బస్సు కండక్టర్లకు ఈ రహస్యం ఎప్పుడో తెలుసు. "డ్రైవరు గారూ, ఒక ముసలాయన దిగుతున్నారు, కాస్త ఆపండి" అని ఏ కండక్టరూ అనడు. "హోల్డాన్!" అంటాడు, బస్సు ఆగుతుంది. కారణం తర్వాత చెబుతాడు. పరాయి భాషలో హెచ్చరిక కూడా ఇలాగే ఉండాలి. ఒక్క మాట, అది శరీరానికిచ్చే ఆజ్ఞ. ఆగు, తప్పుకో, బయటికి రా. "ప్రమాదం" అనే మాట కూడా హెచ్చరికగా అంత పనికిరాదు. అరబిక్‌లో ప్రమాదాన్ని ఖతర్ అంటారు, మన ఉర్దూ ఖత్రా దానినుంచి వచ్చిందే. బోర్డు మీద అది మంచి మాట. కానీ ఖతర్ అని అరిస్తే విన్నవాడు ఎక్కడ, ఏమిటి అని తల తిప్పి మీ వైపు చూస్తాడు. మన "ఏయ్, ఓయ్" లతో వచ్చే చిక్కూ ఇదే. అతను చూడవలసింది మిమ్మల్ని కాదు.

మరి ఆ లారీ దగ్గర ఏ మాట అరవాలి? "వగ్గిఫ్!" అంటే ఆపు. గల్ఫ్ దేశాల్లో రోజూ వాడే మాట ఇది. ఖురాన్ చదవడం నేర్చుకున్న మన పిల్లలకు ఇది కొత్తేమీ కాదు. పారాయణంలో ఆగే చోటును వఖ్ఫ్ అంటారు. అమ్మకుండా, కొనకుండా నిలిపి ఉంచిన ఆస్తి వక్ఫ్. ఉర్దూలో విరామం వఖ్ఫా. ఇవన్నీ ఒకే ధాతువులోంచి పుట్టాయి, ఆ ధాతువుకు అర్థం ఆగడం. గల్ఫ్ వాడుకలో ఖాఫ్ అక్షరాన్ని చాలాచోట్ల "గ" అని పలుకుతారు. అందుకే వగ్గిఫ్. రోడ్డు మీద ఎర్రటి ఎనిమిది మూలల పలక మీద రాసి ఉండే "ఖిఫ్" కూడా ఇదే కుటుంబం. ఇలా చెబితే పిల్లలకు మాట ఒకసారికే నాటుకుంటుంది.

ఇక ఎవరికి అరవాలి? చాలామంది వంగి ఉన్న కార్మికుడికి అరుస్తారు. అతనికి లారీ కనబడడం లేదు, అరబిక్ వస్తుందో రాదో తెలియదు. మాట అర్థమై, తల ఎత్తి, లేచి, ఎటు కదలాలో తేల్చుకోవాలి. డ్రైవరు చెయ్యవలసింది కాలు నొక్కడం ఒక్కటే. కాబట్టి కేక మొదట డ్రైవరుకు చేరాలి. అతని పక్క అద్దంలో కనబడేటట్టు పక్కకు జరిగి, రెండు చేతులూ పైకెత్తి, వగ్గిఫ్ అని అరవాలి. లారీ దగ్గర ఉంటే దాని రేకు మీద అరచేత్తో కొట్టాలి. తర్వాత కార్మికుడికి "హటో!" అనవచ్చు. గల్ఫ్‌లో పనిచేసే నేపాలీలకు, పాకిస్తానీలకు, బంగ్లాదేశీయులకు చాలావరకు హిందుస్తానీ తెలుసు.

ఈ ఉదాహరణలోనే ఒక ఉచ్చు ఉంది. అరబిక్‌లో వెనక్కి అనడానికి "వరా" అంటారు. కార్మికుణ్ణి వెనక్కి జరగమనే ఉద్దేశంతో "వరా, వరా" అని అరిస్తే డ్రైవరుకు ఏమని వినబడుతుంది? లారీ వెనక్కి తీసేటప్పుడు దారి చూపేవాడు అనే మాటే అది. మన క్లీనరు "రానీ, రానీ" అన్నట్టు. అంటే మీ కేక విని అతను ఇంకా ధైర్యంగా వెనక్కి వస్తాడు. కాబట్టి కదిలే బండి దగ్గర వరా అనే మాట నోట రాకూడదు.

పైనుంచి ఏదైనా పడుతున్నప్పుడు ఇంకో జాగ్రత్త. పరంజా మీదినుంచి పైపు జారింది. పైన అనడానికి "ఫోగ్" అంటారు. ఫోగ్ అని అరిస్తే కింద ఉన్నవాడు ఆ మాటను పాటించి తల పైకెత్తుతాడు. హెల్మెట్ మీద పడవలసింది మొహం మీద పడుతుంది. అక్కడ అనవలసిన మాట "బర్రా!" అంటే బయటికి, అవతలికి. మంట లేచినప్పుడూ, గ్యాసు వాసన వచ్చినప్పుడూ కూడా ఇదే మాట. కువైట్‌లో ఇంటి పనికి వెళ్లే మన రాయచోటి, కడప వైపు చెల్లెళ్లు కూడా దీన్ని గుర్తు పెట్టుకోవాలి. వంటింట్లో మంట అంటుకుంటే "మామా, హరీగా! బర్రా!" అంటే చాలు. అక్కడ ఇంటి యజమానురాలిని మామా అని పిలవడం వాడుక. హరీగా అంటే అగ్నిప్రమాదం. అరబిక్‌లో ఆడవారికి, మగవారికి, పదిమందికి ఆజ్ఞ వేరువేరు రూపాల్లో ఉంటుంది. వగ్గిఫ్ మగవాడికి, వగ్గిఫీ ఆడమనిషికి, వగ్గిఫూ పదిమందికి. బర్రాకు ఆ తేడా లేదు, అది క్రియ కాదు గనుక. రూపం తప్పినా వగ్గిఫ్ అర్థమవుతుంది. ఆ క్షణంలో వ్యాకరణం కోసం ఆగకూడదు.

బర్రా మంచి మాట కావడానికి ఇంకో కారణం ఉంది. దూరానికి వెళ్లేది అచ్చు, హల్లు కాదు. చివర దీర్ఘం ఉన్న మాటను ఊపిరున్నంత వరకు సాగదీయవచ్చు. పుస్తకాల్లో జాగ్రత్త అనడానికి "ఇంతబిహ్" అని ఇస్తారు. అది సరైన మాటే, దగ్గరున్నవాడికి బాగా పనికొస్తుంది. కానీ అన్నీ పొట్టి అచ్చులు, చివర గాలిలాంటి హకారం. మిక్సరు తిరుగుతున్న చోట ముప్పై అడుగుల అవతల అది వినబడదు.

కరెంటు దగ్గర నియమం మరొకటి. ఒకడు తీగ పట్టుకుని కొట్టుకుంటుంటే పక్కవాడు అతన్ని లాగడానికి పరుగెడతాడు, లాగితే ఇద్దరూ పోతారు. ముట్టుకోకు అనడానికి "లా తిల్మిస్" అంటారు. ఆ "లా" గోలలో కలిసిపోతే మిగిలేది "తిల్మిస్" ఒక్కటే, అది ముట్టుకోవడం గురించిన మాట. వద్దు అని చెప్పే వాక్యాలకు ఎక్కడైనా ఈ బలహీనత ఉంది. అందుకని ముందు "కహ్రబా! కహ్రబా!" అని అరవాలి. కరెంటు అని అర్థం, చివర దీర్ఘం కూడా ఉంది. చాచిన చేతిని ఆపేది ఆ మాటే. తర్వాత మెయిన్ వైపు వేలు చూపి "తఫ్ఫీ!" అనాలి, అంటే ఆర్పెయ్యి.

ఇప్పుడు రెండో సందర్భం, సాయం అడగడం. హెచ్చరికలో ఒక్క మాట చాలు. సాయానికి మాట చాలదు, మనిషి కావాలి.

జూలై నెల. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని నియమం ఉంది. మూడు దాటాక పనికి బయలుదేరిన ఇద్దరు మన వాళ్లలో ఒకడు రియాద్ వీధిలో కూలిపోయాడు. ఒళ్లు కాలిపోతోంది, పిలిస్తే పలకడం లేదు. చుట్టూ పదిమంది చేరారు. రెండో అతను "సాఇదూనీ!" అని అరిచాడు. నాకు సాయం చెయ్యండి అని పదిమందిని ఉద్దేశించి అనే మాట అది. జనం దగ్గరికి వచ్చారు, చూస్తున్నారు. ఎవరూ ఫోను తియ్యలేదు.

దీన్ని మనం రాతి గుండెలకు ఆపాదిస్తాం. అసలు సంగతి వేరు. అమెరికాలో డార్లీ, లటానే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1968లో ఒక పరిశోధన ప్రచురించారు. వేరే గదిలో ఒక విద్యార్థికి మూర్ఛ వచ్చినట్టు గొంతు వినిపించి, విన్నవారు ఏం చేస్తారో చూశారు. వింటున్నది తానొక్కడినే అనుకున్నవారిలో నూటికి 85 మంది మూర్ఛ ముగిసేలోగా సాయానికి కదిలారు. తనతో పాటు ఇంకో నలుగురు వింటున్నారనుకున్నవారిలో కదిలింది 31 మందే. ఎవరో ఒకరు ఫోను చేసే ఉంటారులే అని ప్రతివాడూ అనుకుంటాడు. అందుకే ప్రథమ చికిత్స నేర్పేవారు ఒక్క మనిషినే వేలితో చూపి అడగమంటారు. పరాయి భాషలో ఇది ఇంకా అవసరం. మన మాట సగమే అర్థమైనవాడు, అది తనకు కాదనుకుని వెనక్కి తగ్గడం మరీ తేలిక.

కాబట్టి ఆ కుర్రవాడు "సాఇదూనీ" ఒక్కసారి అని, వెంటనే ఒకరి కళ్లలోకి చూడాలి. పెద్దవాడైనా, కుర్రవాడైనా "యా అఖీ" అనవచ్చు, అంటే సోదరా. ఆడమనిషైతే "యా ఉఖ్తీ". వేలు చూపి, "ఇత్తసిల్ బిల్ ఇస్ఆఫ్" అనాలి. అంబులెన్సుకు ఫోను చెయ్యి అని అర్థం. ఇక్కడ మన నాలుకకు ఒక గండం ఉంది. ఇస్ఆఫ్ అనే మాటను "ఇస్" అని ఆగి, గొంతులోంచి "ఆఫ్" అనాలి. కలిపేస్తే ఉర్దూ అలవాటు కొద్దీ ఇన్సాఫ్ వైపు జారుతుంది. అంబులెన్సు అడగబోయి న్యాయం అడిగినట్టవుతుంది.

అంతకన్నా నమ్మకమైన దారి ఇంకొకటి ఉంది. ఫోను మనమే కలిపి, ఎదుటివాడి చేతిలో పెట్టడం. "కల్లిమ్‌హుమ్" అంటే వాళ్లతో మాట్లాడు. "గుల్లహుమ్ వేన్ ఇహ్నా" అంటే మనం ఎక్కడున్నామో చెప్పు. అంబులెన్సు రావడానికి అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం ఎక్కడ అన్నదే, మనం చెప్పలేనిదీ అదే. ఆ వీధి పేరు అక్కడివాడు పలికినట్టు మనం పలకలేం. దగ్గరి భవనం గోడ మీద చిన్న పలక ఉంటుంది. దాని మీద నాలుగంకెల భవన సంఖ్య, వీధి పేరు ఉంటాయి. మాట్లాడేవాణ్ణి ఆ పలక దగ్గరికి తీసుకెళ్లి వేలు పెట్టి చూపితే చాలు.

ఏం జరిగిందో చెప్పడానికి గల్ఫ్ కార్మికుల విరుపు అరబిక్ సరిపోతుంది. అక్కడ అన్ని దేశాలవాళ్లూ కలిసి తయారుచేసుకున్న భాష అది. ఉంది అనడానికి ఫీ, లేదు అనడానికి మాఫీ. "నఫర్ తాహ్" అంటే మనిషి పడిపోయాడు. ఊపిరి ఆగిపోతే "మాఫీ నఫస్" అంటే ఊపిరి లేదు. చదువుకున్న అరబ్బు అలా అనడు, కానీ విన్న ప్రతి అరబ్బుకూ అర్థమవుతుంది. మన ఉర్దూ మాటల్లో కొన్ని అక్కడ పనిచేస్తాయి, కొన్ని చెయ్యవు. మరీజ్ అంటే రోగి అని తెలుస్తుంది, హాద్సా అంటే వాళ్ల హాదిస్ అనే మాట గుర్తొస్తుంది. జల్దీ, ఖూన్, బిజ్లీ అరబ్బుకు తెలియవు. రక్తాన్ని దమ్ అంటారు, త్వరగా అనడానికి బిసుర్అ అంటారు.

అంబులెన్సు వచ్చేలోగా చేతులు ఊరికే ఉండకూడదు. మిత్రుణ్ణి నీడలోకి లాగి, బట్టలు వదులు చేసి, నీళ్లు చల్లి విసరాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పొయ్యకూడదు. చుట్టూ ఉన్నవారిలో రెండో మనిషికి వేలు చూపి "మోయా" అంటే నీళ్లు తెస్తాడు.

ఇక నంబర్ల సంగతి. 2005లో మన దగ్గర అంబులెన్సు సేవ మొదలైనప్పటి నుంచి మన వేలు 108 మీదికే పోతుంది. అక్కడ అది పనిచెయ్యదు. సౌదీలో అంబులెన్సు 997, అగ్నిమాపక దళం 998, పోలీసు 999. మక్కా, రియాద్, తూర్పు ప్రాంతాల్లో అన్నిటికీ కలిపి 911 ఉంది. దుబాయి, అబుదాబీ ఉన్న ఎమిరేట్స్‌లో అంబులెన్సు 998, అగ్నిమాపక దళం 997. గమనించారా, సౌదీకి సరిగ్గా తిరగేసి ఉంది. సౌదీలో నాలుగేళ్లు చేసి దుబాయికి మారినవాడికి ఇది తెలియాలి. కువైట్‌లో అన్నిటికీ 112, ఖతర్‌లోనూ బహ్రెయిన్‌లోనూ 999, ఒమాన్‌లో 9999. గోడ మీద అరబిక్ అంకెల్లో రాసి ఉంటే ఏడుకూ ఎనిమిదికీ తికమక పడకూడదు. రెండు గీతలు పైకి తెరుచుకుని, గిన్నెలా ఉంటే ఏడు. కిందికి తెరుచుకుని, గుడారంలా ఉంటే ఎనిమిది.

ఇవి చదివితే రావు. పిల్లలు ఈ మాటలన్నీ పరీక్షలో రాసి పూర్తి మార్కులు తెచ్చుకోగలరు. మైదానంలో నిలబెట్టి అరవమంటే గొంతు పెగలదు, నవ్వొస్తుంది, పదిమందిలో అరవడం సిగ్గు. అందుకని మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒకరిని ముప్పై అడుగుల దూరంలో వెనక్కి తిరిగి నిలబడమంటాం. ఇంకొకరు వెనకనుంచి ఒకే మాట అరవాలి. విన్నవాడు తిరిగి చూస్తే తప్పినట్టు, ఆ మాట చెప్పిన పని చేస్తే నెగ్గినట్టు. వగ్గిఫ్ అంటే ఆగాలి, బర్రా అంటే కదలాలి. సాయానికి వేరే అభ్యాసం. ఎనిమిది మందిని గుంపుగా నిలబెట్టి, ఒకరిని ఎంచుకుని, వేలు చూపి, ఫోను చేతిలో పెట్టి, రెండు వాక్యాలు చెప్పించాలి. ఇలా రోజుకు పది నిమిషాలు చేయిస్తే, రెండో వారానికి చాలామందికి ఆలోచించకుండానే మాట వస్తోంది.

ఒకవేళ అన్నీ మరిచిపోయినా నోరు మూసుకోకండి. తెలుగులోనైనా అరవండి. భయం గొంతు ఏ భాషలోనైనా తెలుస్తుంది, జనం తిరిగి చూస్తారు. ఆ కేక ఏం చెయ్యాలో మాత్రం చెప్పదు. అది చెప్పడానికి చేయి చూపించండి, ఒక్కరిని పట్టుకోండి, ఫోను అందించండి.

పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రులకు ఒక మనవి. పెట్టె సర్దేటప్పుడు వాళ్లు వెళ్లే దేశపు అంబులెన్సు నంబరును ఒక చీటీ మీద రాసి, ఫోను వెనక కవరులో పెట్టండి. దాని కిందే తెలుగు అక్షరాల్లో ఈ మూడు రాయండి: వగ్గిఫ్, బర్రా, కల్లిమ్‌హుమ్. రాసి ఇచ్చి ఊరుకోకుండా, మీ ఇంటి వాకిట్లో ఒకసారి గట్టిగా అరిపించండి. ఇరుగుపొరుగు ఏమిటని అడిగితే వాళ్లకూ చెప్పండి, వాళ్ల ఇంట్లో కూడా ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉండే ఉంటారు.